గడువు జరపమని పైవాళ్ళకి కవర్ నోట్: 9 వారాల ఆలస్యానికి ఏడున్నర నెలలు ఎలా అడగాలి?

వంశధార_ఒడ్డు
మాది గుణుపురం దగ్గర వంశధార మీద తాగునీటి స్కీము. నేను కాంట్రాక్టు కంపెనీ తరఫున టీమ్ లీడ్‌ని. పల్లెల్లో ట్యాంకులు, శుద్ధి ప్లాంటు, పైపులైను అన్నీ దాదాపు అయిపోయాయి. నది నీళ్ళు తోడుకోవడానికి ఇసుకలోకి దించుతూ కట్టే ఇన్‌టేక్ వెల్లు దగ్గరే ఇరుక్కున్నాం. ఒప్పందం ప్రకారం జూన్ 30కి నీళ్ళివ్వాలి. అవ్వదు. నా లెక్కలో వచ్చే ఏడాది ఫిబ్రవరి 15.

భువనేశ్వర్‌లో ఉండే మా పైవాళ్ళకి కొత్త షెడ్యూలు పంపాలి, దాని మీద ఒక పేజీ కవర్ నోట్ పెట్టమన్నారు. రాసి మా మేనేజర్‌కి చూపిస్తే "ఇది చదివితే నీకు జీతం కూడా ఆపేస్తారు" అని వెనక్కి పంపేశాడు. ఏం తప్పో చెప్పలేదు. ఇదీ నేను రాసింది:

"గౌరవనీయులకు, పలు అనివార్య కారణాల వల్ల పనుల పురోగతి ఆశించిన మేర లేదని విన్నవించుకుంటున్నాము. అక్టోబర్ వర్షాలు, పైపులైనుకు అటవీ అనుమతి ఆలస్యం, ఇసుక కొరత, సంక్రాంతికి కూలీలు ఊళ్ళకు వెళ్ళడం, ఇన్‌టేక్ వెల్లులో రాయి తగలడం మొదలగు కారణాలను దృష్టిలో ఉంచుకొని గడువును ఫిబ్రవరి 15 వరకు పొడిగించవలసిందిగా మనవి. బృందం అహర్నిశలు శ్రమిస్తున్నది."

తిట్టాలనుకుంటే తిట్టండి, కానీ ఏం మార్చాలో కూడా చెప్పండి.

కాశీనగర్_కుర్రోడు
భయ్యా, ఫార్మాట్ దొరికితే నాకూ పంపు. పెళ్ళికని వారం సెలవు పెట్టాను, ఇంకో వారం పొడిగించాలి. "అనివార్య కారణాలు" నాకు బాగా పనికొస్తుంది.

వంశధార_ఒడ్డు
@కాశీనగర్_కుర్రోడు ఇది సెలవు చీటీ కాదు నాయనా. పెళ్ళి నీదేనా?

కాశీనగర్_కుర్రోడు
మరదలిది. వంటలు నా నెత్తిన పడ్డాయి.

రాయగడ_రాజా
నోట్ బాగానే ఉంది, కాకపోతే కారణాలు తక్కువ రాశారు. ఇంకో మూడు చేర్చండి: రోడ్డు దిగ్బంధాలు, కరెంటు కోతలు, పని ఇచ్చిన డిపార్టుమెంట్ డ్రాయింగులు ఆలస్యంగా ఇవ్వడం. కారణం ఎంత బరువుగా ఉంటే అంత మంచిది. ఫిబ్రవరి 15 కాదు, ఏకంగా జూన్ రాసేయండి. ఒకసారి అడిగితే ఒకసారే మాట పడతాం, రెండోసారి అడిగితేనే పరువు పోతుంది. పదిహేనేళ్ళుగా సైట్లలో ఉన్నాను, అనుభవంతో చెబుతున్నా.

జయపురం_లక్ష్మి
నేను అవతలి వైపు మనిషిని. ఒక నిర్మాణ కంపెనీ హెడ్ ఆఫీసులో ఫైనాన్స్ చూస్తాను, ఇలాంటి నోట్లు నా బల్ల మీదకే వస్తాయి. రాజా గారూ, కారణాలు ఎక్కువైన కొద్దీ సాకుల్లా కనిపిస్తాయండి. అయిదు కారణాలు చూడగానే మా డైరెక్టర్ అడిగేది ఒకటే: "ఇందులో నిజంగా ఆపింది ఏది?" దానికి జవాబు లేకపోతే నోట్ పక్కన పెట్టేసి ఫోన్ ఎత్తుతాడు. ఫోన్‌లో మాట్లాడేది టీమ్ లీడ్ కాదు, మేనేజర్. అక్కడి నుంచి కథ ఎవరికి నచ్చినట్టు వాళ్ళు చెప్పుకుంటారు.

ఇంకోటి, అడిగే తేదీ మొదటి వాక్యంలోనే ఉండాలి. మీ నోట్‌లో చివరి నుంచి రెండో వాక్యంలో ఉంది. అక్కడిదాకా చదివే ఓపిక పైవాళ్ళకి ఉండదు.

పర్లాకిమిడి_ప్లానర్
రిటైరయ్యాను గానీ ఈ వ్యాధి నాకు కొత్త కాదు. బాబూ, నాకు కొన్ని విషయాలు కావాలి. అవి చెప్తే నోట్ దానంతట అదే వస్తుంది.

అటవీ అనుమతి, ఇసుక, కూలీలు... వీటి వల్ల పోయిన రోజులు తర్వాత పూడ్చుకున్నారా? వెల్లు అసలు ఎప్పటికి దిగాలి, ఎప్పటికి దిగుతుంది? వెల్లు అయ్యాక నదిలో ఇంకేం పని మిగులుతుంది? రాయి ఎంత లోతులో తగిలింది, అన్ని వైపులా తగిలిందా?

వంశధార_ఒడ్డు
మాస్టారూ, అటవీ అనుమతి డిసెంబర్‌లో వచ్చేసింది, పైపులైను ఇప్పుడు షెడ్యూలు కంటే ముందే ఉంది. ఇసుక, కూలీల వల్ల పోయింది కూడా పూడ్చేశాం.

వెల్లు 6 మీటర్ల వ్యాసం, నది అడుగు నుంచి 11 మీటర్లు దిగాలి. జనవరి 31కి దిగిపోవాలని ప్లాను. జనవరి 8న ఆరున్నర మీటర్ల దగ్గర ఉత్తరం వైపు రాయి తగిలింది, దక్షిణం వైపు ఇసుకే. ముందు రోజు నుంచే తేడా కొట్టింది. లోపలి ఇసుక తోడే గ్రాబ్ దించితే ఉత్తరం వైపు ఖాళీగా పైకి వస్తోంది, దక్షిణం వైపు నిండుగా వస్తోంది. పొద్దున నాలుగు మూలలా లెవెల్ చూస్తే ఉత్తరం పాయింట్ కదల్లేదు, ఎదురుది దిగింది. సాయంత్రానికి రెండిటి మధ్య 17 సెంటీమీటర్ల తేడా. అంటే 35కి 1 వాలు. పని ఆపేశాం.

పైకి ఉన్న వైపు ఇసుక బస్తాలు పేర్చి, ఆ వైపే తవ్వి, వెల్లు అడుగు అంచు, అదే కటింగ్ ఎడ్జ్, దాని కింద రాయిని డైవర్లతో చెక్కించాం. నిటారుగా తేవడానికి ఫిబ్రవరి 10 అయింది. ఇప్పుడు 90కి 1 కంటే తక్కువ. ఇంకా నాలుగున్నర మీటర్లుంది, రోజుకి 9 సెంటీమీటర్ల చొప్పున దిగుతోంది. ఏప్రిల్ 5కి అవుతుంది. అంటే 9 వారాలు లేటు.

సిరొంచ_మల్లన్న
అన్నా, మా దగ్గర ప్రాణహిత మీద వంతెన పనిల గట్లనే అయింది. వెల్లు ఒక దిక్కు రాయి మీద కూసుంది, ఇంకో దిక్కు ఇసుకల మునిగింది. తొందరపడి బరువు పెంచిండ్రు, మొత్తం జరిగింది. నువ్వు ఆపినవు, మంచి పని చేసినవ్. వంతెన వెల్లుకి 80కి 1 దాటొద్దంటరు, నీది 90కొచ్చిందంటే మంచిగనే ఉంది.

గని నాకో డౌటు. 9 వారాలు లేటైతే ఏడున్నర నెలలు ఎందుకు అడుగుతున్నవ్?

బరంపురం_బుజ్జి
నాదీ అదే డౌటు. నేను సాఫ్ట్‌వేర్, బరంపురంలో ఇంటి నుంచి పని. మా దగ్గర పేమెంట్ మాడ్యూల్ రెండు వారాలు లేటైతే రిలీజ్ రెండు వారాలు జరుగుతుంది. మహా అయితే మూడు. పండగ సీజన్‌లో మాత్రం ప్రొడక్షన్‌లో ఏదీ మార్చకూడదని నెలన్నర తాళం వేస్తారు. ఆ తాళానికి నాలుగు రోజుల ముందు జారితే కథ మారిపోతుంది, తాళం తీసేదాకా కూర్చోవాల్సిందే. నదికి కూడా అలాంటి తాళం ఏమైనా ఉందా?

పర్లాకిమిడి_ప్లానర్
@బరంపురం_బుజ్జి నువ్వు నదిలో దిగకుండానే పట్టేశావమ్మా. ఉంది. జూన్ మధ్యలో పడుతుంది, నవంబర్‌లో తీస్తారు.

వంశధార_ఒడ్డు, వెల్లు నుంచి ఒడ్డుకి నడక వంతెన ఉంటుంది కదా? దాన్ని మోసే పియర్లు ఎన్ని?

వంశధార_ఒడ్డు
మూడు. ఒక్కోదానికి 23 రోజులు, ఒకటే గ్యాంగ్. వెల్లు దిగి, అడుగు కాంక్రీటు పడ్డాక మొదలెట్టాలని ప్లాను. అడుగు పనికి 20 రోజులు, అంటే ఏప్రిల్ 25. అక్కడి నుంచి ఒకటి మే 18కి, రెండోది జూన్ 10కి అవుతాయి. మూడోది మొదలెట్టేసరికి నది వచ్చేస్తుంది. అది నవంబర్ మధ్యలో మళ్ళీ ఇసుక దారి వేసుకుని మొదలుపెట్టాలి. డిసెంబర్ రెండో వారానికి పియర్, తర్వాత పైన స్లాబు, పంపులు, ట్రయల్ రన్ రెండు నెలలు. అలా ఫిబ్రవరి 15.

జయపురం_లక్ష్మి
చూశారా, ఇంత చక్కగా మాకు రెండు పేరాల్లో అర్థమయ్యేలా చెప్పారు. నోట్‌లో ఇది ఒక్క ముక్క లేదు! 9 వారాలు రాయి వల్ల, మిగతా అయిదున్నర నెలలు నది వల్ల. డైరెక్టర్‌కి కావాల్సింది ఇదే.

రాయగడ_రాజా
నవంబర్ ఎందుకు? అక్టోబర్ మొదట్లోనే నీళ్ళు తగ్గుతాయి. అలా రాస్తే నెల మిగులుతుంది, పైవాళ్ళకి కూడా బాగుంటుంది.

పర్లాకిమిడి_ప్లానర్
ఇందాక జూన్ దాకా అడగమన్నారు, ఇప్పుడు నెల తగ్గించమంటున్నారు :) రాజా గారూ, 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మీరు ఎక్కడున్నారో గాని, మా గజపతి జిల్లాలో ఉన్నవాళ్ళెవరూ అక్టోబర్‌లో నదిలో ఇసుక దారి వేయరు. ఫైలిన్ 2013 అక్టోబర్‌లో, హుద్‌హుద్ 2014 అక్టోబర్‌లో. ఈ తీరానికి అదే నెల. నవంబర్ మధ్య అన్నది సరైన అంకె. నోట్‌లో ఆ కారణం కూడా ఒక వాక్యం రాస్తే ఎవరూ బేరం ఆడరు.

ధర్మాబాద్_దాదా
మా నాందేడ్ వైపు గోదావరిలో నీళ్ళు చూడాలంటేనే నెలలు ఆగాలి. మీరు నీళ్ళొస్తాయని భయపడుతున్నారు. అదృష్టవంతులు.

పర్లాకిమిడి_ప్లానర్
అసలు విషయానికి వస్తాను. మీ నోట్‌లో పెద్ద లోపం భాష కాదు. గడువు మాత్రమే అడిగారు, పైవాళ్ళు ఎంచుకోవడానికి ఏమీ ఇవ్వలేదు. "ఫిబ్రవరి ఇవ్వండి" అంటే వాళ్ళు చేయగలిగింది సరే అనడం, లేదా కోప్పడటం. రెండోదే చేస్తారు.

నేను అడిగేది: మూడు పియర్లూ వెల్లు అయ్యాకే ఎందుకు? వెల్లు దగ్గర క్రేను, ఇసుక దారి అడ్డం ఉంటాయి, ఒప్పుకుంటాను. మరి ఒడ్డు పక్క పియర్‌కి ఏం అడ్డం?

వంశధార_ఒడ్డు
ఏమీ లేదు. ఒడ్డు పక్కది ఇప్పుడే మొదలెట్టొచ్చు. కానీ గ్యాంగ్ ఒకటే, వాళ్ళు వెల్లు మీద ఉన్నారు. మిగతా రెండిటికీ క్రేను కదిలేదాకా చోటు లేదు.

పర్లాకిమిడి_ప్లానర్
రెండో గ్యాంగ్ వస్తే?

ఒడ్డు పియర్ మార్చి ఆఖరులో మొదలుపెట్టినా ఏప్రిల్ 25 లోపే అయిపోతుంది. అప్పటికి వెల్లు ఖాళీ అవుతుంది, రెండు గ్యాంగులు మిగిలిన రెండు పియర్ల మీద ఒకేసారి దిగుతాయి. మే 18కి నదిలో పని పూర్తి. నది వచ్చేలోపు మూడు వారాల పైన ఖాళీ ఉంటుంది. ఆ తర్వాత స్లాబు, పంపులు నీళ్ళ మీద నుంచే చేసుకోవచ్చు. రెండు నెలలకి జూలై మధ్య, వానలకి పోయే రోజులు కలిపితే ఆగస్టు 31. అంటే 9 వారాల ఆలస్యం 9 వారాలుగానే ఉంటుంది.

రెండో గ్యాంగ్‌కి ఎంత అవుతుంది? జరిమానా ఎంత? కాంట్రాక్టు విలువ ఎంత?

వంశధార_ఒడ్డు
మాస్టారూ, ఇది చదివి గది బయటికొచ్చి కాసేపు తిరిగి మళ్ళీ కూర్చున్నాను.

గ్యాంగ్, పంపుసెట్లు, షట్టరింగ్, మనుషుల వసతి అన్నీ కలిపి 18 లక్షలు. కాంట్రాక్టు 14 కోట్లు. ఆలస్యానికి జరిమానా వారానికి అర శాతం, గరిష్ఠం పది శాతం.

జయపురం_లక్ష్మి
లెక్క నా పని, ఆగండి.

ఫిబ్రవరి 15 అయితే 33 వారాలు. పదహారున్నర శాతం వస్తుంది, కానీ పది దగ్గర ఆగుతుంది. 1 కోటి 40 లక్షలు. ఆగస్టు 31 అయితే 9 వారాలు, నాలుగున్నర శాతం, 63 లక్షలు. తేడా 77 లక్షలు. దానికి 18 లక్షలు ఖర్చు. డిపార్టుమెంట్ పొడిగింపు ఇచ్చేస్తే జరిమానా సున్నా కావచ్చు, కానీ నోట్‌లో ఆ ఆశ మీద లెక్క కట్టకండి. ఈ నాలుగు అంకెలు ఉన్న నోట్ నా బల్ల మీదకి వస్తే ఆ రోజే పైకి పంపుతాను.

రాయగడ_రాజా
ఇక్కడే నేను ఒప్పుకోను. ఆగస్టు 31 అని రాసి ఇచ్చాక మేలో ఒక తుఫాను వచ్చిందనుకోండి, ఉరి ఎవరికి? లక్ష్మి గారికా, మాస్టారికా? ఈ కుర్రాడికే. పైవాళ్ళకి రెండు దారులు చూపిస్తే ఎప్పుడూ దగ్గరి తేదీయే పట్టుకుంటారు, పక్కన రాసిన షరతులు మర్చిపోతారు. ఫిబ్రవరి అడిగి, ఆగస్టులో ఇచ్చేస్తే హీరో అవుతాడు.

బరంపురం_బుజ్జి
రాజా గారి మాటలో నిజం ఉంది. మా దగ్గర "ఉత్తమ తేదీ, మామూలు తేదీ" అని రెండు ఇస్తే స్లైడ్ మీదకి ఒకటే ఎక్కుతుంది, ఏదో చెప్పక్కర్లేదు.

జయపురం_లక్ష్మి
సగం నిజం. ఫిబ్రవరి అడిగితే 18 లక్షలు ఎవరిస్తారు రాజా గారూ? రెండో గ్యాంగ్ లేకుండా ఆగస్టు రాదు, డబ్బు అడగకుండా గ్యాంగ్ రాదు. డబ్బు అడగాలంటే దానివల్ల ఏం వస్తుందో చెప్పాలి కదా.

రాయగడ_రాజా
అది... అవును. సరే, కానీ షరతు తేదీ పక్కనే రాయాలి, కింద కాదు. అదే వాక్యంలో.

పర్లాకిమిడి_ప్లానర్
దీనికి నేనూ ఒప్పుకుంటాను. "మార్చి 15 లోపు గ్యాంగ్‌కి ఆమోదం వస్తే, ఏప్రిల్ 5కి వెల్లు దిగితే, ఆగస్టు 31" అని ఒకే వాక్యం. విడదీస్తే వాళ్ళు తేదీ ఒక్కటే కోసుకుంటారు. మనుషుల్ని తేవడానికి రెండు వారాలు పడుతుంది, అందుకే మార్చి 15. ఆ రోజు దాటితే రెండో దారి మూసుకుపోయినట్టే అని కూడా రాయండి.

సిరొంచ_మల్లన్న
రోజుకి 9 సెంటీమీటర్లు అంటున్నవ్ కదా, అది ఎన్ని రోజుల లెక్క?

వంశధార_ఒడ్డు
నిటారు చేశాక గడిచిన ఆరు రోజుల సగటు. ఒకరోజు 14 దిగింది, ఒకరోజు 4.

సిరొంచ_మల్లన్న
ఆరు రోజులతోని 50 రోజులు చెప్తున్నవన్నమాట. కింద రాయి ఇంకా గట్టిగుంటే? లోపల నుంచి నాలుగు జాగల బోరు ఏసి చూడు, రాయి ఎక్కడ ఎంత లోతుల ఉందో తెలుస్తది. మా దగ్గర అట్లనే తెలిసింది. మూడు నాలుగు రోజుల పని.

పర్లాకిమిడి_ప్లానర్
మల్లన్న మంచి మాట చెప్పాడు. ఇంకో లాభం కూడా ఉంది. రాయి గట్టిదై, చుట్టూ కటింగ్ ఎడ్జ్ దాని మీద సమంగా కూర్చుంటే 11 మీటర్లు దిగక్కర్లేదేమో. లోతు పెట్టింది వరదకి కింద ఇసుక కోసుకుపోతుందని. రాయి కోసుకుపోదు. పంపు మునిగే లోతు చాలితే డిజైనర్ ముందే ఆపమనొచ్చు. ఇది మనం తేల్చేది కాదు, డిజైనర్‌దే ఆఖరి మాట. కానీ బోరు ఫలితం వచ్చాక ఏప్రిల్ 5 ముందుకో వెనక్కో జరగొచ్చని, ఆ రోజు మళ్ళీ రాస్తామని నోట్‌లో చెప్పండి. తేదీ ఖచ్చితంగా ఉందని నటించకూడదు.

కాశీనగర్_కుర్రోడు
బోరు ముందే వేయలేదా? వెల్లు కట్టబోయే చోట రాయి ఉందో లేదో చూడకుండా మొదలెట్టారా?

వంశధార_ఒడ్డు
@కాశీనగర్_కుర్రోడు పెళ్ళి వంటల మధ్యలో పిన్ను గుచ్చావు. ఇదే నాకు అసలు టెన్షన్. టెండర్ టైములో ఒక బోరే వేశారు, అదీ ఒడ్డు మీద, వెల్లుకి 40 మీటర్ల దూరంలో. అందులో 14 మీటర్ల వరకు ఇసుక, బంకమట్టి. ఆ బోరు సరిపోతుందని సంతకం పెట్టింది మా టెండర్ విభాగం. ఆ విభాగం పెద్దాయన ఇప్పుడు ఈ నోట్ చదివే నలుగురిలో ఒకరు.

బరంపురం_బుజ్జి
అయ్య బాబోయ్.

రాయగడ_రాజా
అది రాయకండి. "భూగర్భ పరిస్థితులు ఊహించని విధంగా" అని దాటేయండి. ఉద్యోగం ముఖ్యం.

జయపురం_లక్ష్మి
దాటేస్తే రేపు మీ మీదకే వస్తుంది: "రాయి ఉందని ముందే ఎందుకు చెప్పలేదు?" అని. అలాగని వేలెత్తి చూపక్కర్లేదు. ఎక్కడ బోరు వేశారో, ఎంత దూరమో, ఏం కనబడిందో, వెల్లు చోట ఏం కనబడిందో. నాలుగు నిజాలు, విశేషణాలు లేకుండా. బోరు లాగ్ వెనక జతచేయండి. ఎవరు సంతకం పెట్టారో అందులో ఉంటుంది, నోట్‌లో రాయక్కర్లేదు.

పర్లాకిమిడి_ప్లానర్
లక్ష్మి గారు చెప్పింది సగం ఒప్పుకుంటాను. పంపే ముందు ఆ పెద్దాయనకి ఒక ఫోన్ చేయించండి, మీ మేనేజర్ చేత. మీటింగులో మొదటిసారి చూస్తే కయ్యానికి దిగుతాడు. ముందే తెలిస్తే "నదిలో బోరు వేయడానికి అప్పుడు డిపార్టుమెంట్ చోటు చూపించలేదు" లాంటి సంగతి ఏదైనా ఉంటే ఆయనే చెబుతాడు. అది మీకు డిపార్టుమెంట్ దగ్గర కూడా పనికొస్తుంది.

ఇంకో మాట. జనవరి 8న, పనికి వచ్చిన అడ్డంకులు నమోదు చేసే హిండ్రెన్స్ రిజిస్టర్‌లో రాశారా?

వంశధార_ఒడ్డు
ఆ రోజే రాయించాను, జూనియర్ ఇంజినీర్ సంతకం కూడా ఉంది. వారంలోపు లెటర్ కూడా వెళ్ళింది.

పర్లాకిమిడి_ప్లానర్
శభాష్. డిపార్టుమెంట్‌ని పొడిగింపు అడిగే లెటరు వేరు, ఈ నోట్ వేరు. రెండూ కలపకండి. పైవాళ్ళకి రాసే దాంట్లో 18 లక్షలు, జరిమానా లెక్కలు ఉంటాయి, అవి డిపార్టుమెంట్ చేతికి పోకూడదు. రిజిస్టర్ ఎంట్రీ నంబరు మాత్రం ఇందులో ఒక చోట చెప్పండి, మన హక్కు పదిలంగా ఉందని తెలుస్తుంది.

సిరొంచ_మల్లన్న
రాయి తగిలితే డిపార్టుమెంట్ పొడిగింపు ఇస్తదా? మాకైతే ఇయ్యలే. "భూమి సంగతి కాంట్రాక్టర్ చూస్కోవాలె" అన్నరు.

పర్లాకిమిడి_ప్లానర్
ఒప్పందంలో ఏముందో దాన్ని బట్టి. కొన్నిట్లో ఊహించలేని నేల పరిస్థితికి క్లాజు ఉంటుంది, కొన్నిట్లో సైటు చూసుకునే రేటు వేశామని సంతకం పెట్టించుకుంటారు. వాళ్ళది చూడకుండా నేను చెప్పలేను.

వంశధార_ఒడ్డు
మాది రెండో రకమే అనుకుంటా. లీగల్ వాళ్ళు చూస్తున్నారు.

రాత్రి కూర్చుని మళ్ళీ రాశాను. చూడండి:

"విషయం: గుణుపురం తాగునీటి పథకం, నీటి సరఫరా తేదీ మార్పు. మార్చి 15 లోపు నిర్ణయం కావాలి.

జూన్ 30కి నీళ్ళు ఇవ్వలేము. మార్చి 15 లోపు రెండో గ్యాంగ్‌కు 18 లక్షలు ఆమోదించి, ఏప్రిల్ 5కి ఇన్‌టేక్ వెల్లు దిగితే ఆగస్టు 31కి ఇవ్వగలం. ఆమోదం లేకపోతే వచ్చే ఫిబ్రవరి 15.

జనవరి 8న వెల్లు ఆరున్నర మీటర్ల లోతులో ఒక వైపు రాయిపై ఆగి వాలింది. నిటారు చేయడానికి ఫిబ్రవరి 10 వరకు పట్టింది. మిగిలిన నాలుగున్నర మీటర్లు రాతిలో నెమ్మదిగా దిగుతున్నాయి. వెల్లు పని ఇలా 9 వారాలు వెనకబడింది. టెండర్ సమయంలో వేసిన బోరు ఒడ్డున, వెల్లుకు 40 మీటర్ల దూరంలో ఉంది. అందులో 14 మీటర్ల వరకు రాయి లేదు. లాగ్ జతచేశాం. మిగతా పనులేవీ గడువును ఆపడం లేదు.

9 వారాలు ఏడున్నర నెలలు ఎందుకవుతాయంటే, వెల్లు తర్వాత నదిలో మూడు పియర్లు కట్టాలి. ఒకే గ్యాంగ్‌తో జూన్ మధ్యకు రెండే అవుతాయి. మూడోది నవంబర్‌లో, అక్టోబర్ తుఫానులు దాటాకే మొదలవుతుంది. రెండో గ్యాంగ్ ఉంటే మూడూ మే 18కి పూర్తవుతాయి.

ఫిబ్రవరి అయితే జరిమానా గరిష్ఠంగా 1 కోటి 40 లక్షలు, ఆగస్టు అయితే 63 లక్షలు. పొడిగింపు వస్తే ఇవి తగ్గవచ్చు. హిండ్రెన్స్ రిజిస్టర్‌లో నమోదు ఉంది.

ఏప్రిల్ 5 అన్నది ఆరు రోజుల రీడింగుల మీద వేసిన అంచనా. వెల్లు లోపల నాలుగు చోట్ల బోర్లు వేసి మార్చి 5కి తిరిగి రాస్తాం. మేలో తుఫాను వస్తే మూడు వారాల వెసులుబాటు మాత్రమే ఉంది."

జయపురం_లక్ష్మి
ఇది నోట్. "అహర్నిశలు" పోయింది, హాయి. ఒక్కటే, 18 లక్షలు దేనికో ఒక వాక్యం లేదా వెనక చిన్న పట్టిక పెట్టండి. మా వాళ్ళు మొదట కత్తిరించేది దాన్నే.

రాయగడ_రాజా
"జూన్ 30కి నీళ్ళు ఇవ్వలేము" అని మొదటే కొట్టినట్టు ఉంది. కాస్త మెత్తగా రాయొచ్చు కదా.

బరంపురం_బుజ్జి
నాకైతే ఆ వాక్యమే నచ్చింది. ఎవరూ తప్పించుకోలేరు.

పర్లాకిమిడి_ప్లానర్
"మిగతా పనులేవీ గడువును ఆపడం లేదు" అన్నారు. పంపులకి కరెంటు? ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పటికి? అది గనక సెప్టెంబర్‌కి జరిగితే ఆగస్టు 31 గాలిలో మేడ అవుతుంది, రాయి మీద వేసిన నింద కూడా సగం చెల్లదు.

వంశధార_ఒడ్డు
మంజూరైంది, లైను మేకి అయిపోతుందని కరెంటు వాళ్ళు నోటితో చెప్పారు. కాగితం లేదు.

పర్లాకిమిడి_ప్లానర్
కాగితం తెచ్చుకున్నాకే ఆ వాక్యం ఉంచండి. లేకపోతే "కరెంటు లైను మేకి అని మౌఖికంగా చెప్పారు" అని రాయండి.

కాశీనగర్_కుర్రోడు
రథయాత్రకి గుణుపురంలో కొత్త కుళాయి నీళ్ళని మావాళ్ళకి చెప్పేశాను. ఇప్పుడు వెనక్కి తీసుకోవాలా?

వంశధార_ఒడ్డు
అది ఆఫీసర్లు మైకులో చెప్పేశారు, నువ్వేం కంగారు పడకు.

నోట్ పొద్దున మేనేజర్‌కి ఇచ్చాను. మెత్తగా రాయాలన్న రాజా గారి మాటే ఆయనా అన్నాడు, మొదటి వాక్యం అలాగే ఉంచాను. టెండర్ పెద్దాయనకి ఫోన్ చేశాడు. ఆయన కోప్పడలేదు గానీ, నదిలో బోరు వేయాలని అప్పట్లో తాను రాసిన ఒక మెయిల్ ఉందని, వెతుకుతానని చెప్పాడు. నాలుగు బోర్లకి రిగ్గు రేపు రాయగడ నుంచి వస్తోంది. కరెంటు కాగితం కోసం ఇప్పుడే వాళ్ళ ఆఫీసుకి బయల్దేరుతున్నా.

సిరొంచ_మల్లన్న
బోర్ల రిజల్టు వచ్చినంక ఈడ్నే పెట్టు. రాయి ఎంత లోతుల ఉందో నాక్కూడ చూడాలని ఉంది.